డ్రిప్పు, మోటారు, ఫిట్టింగు, సర్వీసు ఒకే బిల్లులో వేస్తే ఏ రేటు?

ప్రశ్న: "పర్లాకిమిడిలో మాకు వ్యవసాయ పరికరాల షాపు ఉంది, జీఎస్టీ రెగ్యులర్ రిజిస్ట్రేషన్. మూడు నెలల కింద పాతపట్నం దగ్గర ఒక రైతుకి అరటి తోటలో డ్రిప్ వేశాం. డ్రిప్ సామాను 1,60,000, కొత్త మోటారు 30,000, మా కుర్రాళ్లు వెళ్లి ఫిట్టింగ్ చేసినందుకు 20,000, రెండేళ్ల సర్వీసుకి 10,000. కొటేషన్‌లో ఇవన్నీ విడివిడిగా రాశాను. బిల్లులో మాత్రం 'డ్రిప్ సెట్ ఫిట్టింగ్‌తో' అని ఒకటే లైను, 2,20,000, దానిమీద 5 శాతం, సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ సగం సగం. ఇప్పుడు మా లెక్కలు చూసే అబ్బాయి ఇది మిక్స్‌డ్ సప్లై, మొత్తం మీద 18 శాతం పడుతుంది, నోటీసు వస్తుంది అంటున్నాడు. ఇంకో ఆడిటర్‌ని అడిగితే అసలు దేనికదే విడగొట్టి వెయ్యాలి అన్నారు. మా అన్నయ్య, అందరూ ఇలాగే వేస్తున్నారు, ఊరుకో అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి? రైతు దగ్గరికి వెళ్లి మళ్లీ డబ్బు అడగలేను."

జవాబు: ముందు ఒక భయం తీసేస్తాను. మొత్తం మీద 18 శాతం అనే మాట మీ విషయంలో సరైన లెక్క కాదు, కాకపోతే మీ బిల్లు రాసిన తీరు చూసి ఒక ఆఫీసరు ఆ మాట అనడానికి వీలుంది. ఈ రెండూ వేరు. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ తలో ముక్క సరిగ్గానే చెప్పారు. తేడా ఎక్కడొచ్చిందంటే, ఇద్దరూ నాలుగు ఐటమ్‌లనీ ఒకే గాటన కట్టి చూశారు. వాటిని ఒక్కొక్కటిగా చూడాలి.

చట్టం ఏం చూస్తుందో చెప్తాను. ఒకే బేరంలో రెండు మూడు రకాల సరుకులో, సరుకూ పనీ కలిసో వెళ్తున్నప్పుడు మొదటి ప్రశ్న ఇది: ఆ వ్యాపారంలో మామూలుగా అవి కలిసే వెళ్తాయా, వాటిలో ఒకటి అసలుదై మిగతావి దాని కోసం ఉన్నవేనా? అవునంటే అది కాంపోజిట్ సప్లై. అసలు దానికి ఏ రేటో మొత్తానికీ అదే రేటు. సీజీఎస్టీ చట్టం 2వ సెక్షన్‌లో 30వ నిర్వచనం, 8వ సెక్షన్ కలిపి చదివితే వచ్చేది ఇదే. సరుకుని ప్యాక్ చేసి, ఇన్సూరెన్స్ చేయించి, లారీలో పంపితే అదంతా సరుకు సప్లైయే అని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. కలిసి వెళ్లాల్సిన అవసరం లేని వాటిని ఒకే ధర పెట్టి అమ్మితే మాత్రం అది మిక్స్‌డ్ సప్లై, అప్పుడు వాటిలో ఏది ఎక్కువ రేటో అది మొత్తానికీ పడుతుంది. స్వీట్లు, చాక్లెట్లు, డ్రై ఫ్రూట్స్, కూల్‌డ్రింకులు పెట్టి ఒకే రేటుకి అమ్మే గిఫ్ట్ ప్యాకు లాంటిదన్నమాట. ఇక కలిసి వెళ్లాల్సిన అవసరమూ లేదు, ఒకే ధరా లేదు అంటే అవి రెండు వేర్వేరు అమ్మకాలు, ఒకే కాగితం మీద ఉన్నా సరే దేని రేటు దానిదే. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. ఒకే బిల్లు అయినంత మాత్రాన ఒకే రేటు కావాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మీ సామాను చూద్దాం. డ్రిప్ సెట్టు, అంటే ఫిల్టరు, లేటరల్ పైపులు, డ్రిప్పర్లు, వాల్వులు అన్నీ కలిపి ఒక సిస్టమ్‌గా ఇస్తే దాని హెచ్‌ఎస్‌ఎన్, అంటే సరుకు కోడు, 8424. దీనికి ముందు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. మీ బిల్లు ఆ తర్వాతదే కాబట్టి సెట్టు వరకూ 5 సరైనదే. ఇక్కడ ఒక జాగ్రత్త. 2021 జూన్‌లో వచ్చిన 155వ నంబరు సర్క్యులర్ ప్రకారం డ్రిప్‌కే పనికొచ్చే లేటరళ్ల లాంటి భాగాలు విడిగా అమ్మినా 8424లోకే వస్తాయి. కానీ ఎక్కడైనా వాడుకునే మామూలు సామాను, ఉదాహరణకి మెయిన్ లైనుకి వేసే పీవీసీ పైపు, విడిగా అమ్మితే దాని సొంత రేటే, అంటే 18. మీరు సెట్టులో భాగంగా, ఆ తోట కొలతకి డిజైన్ చేసి ఇచ్చిన పైపుకి ఇబ్బంది లేదు. రేపు అదే రైతు వచ్చి ఇంకో పది పీవీసీ పైపులు పట్టుకెళ్తే మాత్రం వాటిని డ్రిప్ అని 5లో వెయ్యకండి.

ఫిట్టింగు సంగతి. లేబర్ పని విడిగా చేస్తే 18 శాతం. కానీ మీరు డ్రిప్ అమ్మారు, అది తోటలో పరిచి, నీళ్లు వదిలి, ప్రెషర్ చూసి అప్పగించారు. డ్రిప్ అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే చేస్తారు, కొనేవాళ్లు కూడా అదే అనుకుని కొంటారు, బేరంలో విలువంతా సామానులోనే ఉంది, ఫిట్టింగు దాని కోసమే ఉంది. ఇలాంటి చోట ఆఫీసర్లు చూసే గుర్తులు కూడా దాదాపు ఇవే: ఆ లైనులో ఉన్న ఎక్కువమంది వ్యాపారులు ఎలా అమ్ముతారు, మామూలు కొనుగోలుదారు ఏం ఆశిస్తాడు, అందులో ఒకటి లేకుండా రెండోదానికి అర్థం ఉంటుందా. కాబట్టి డ్రిప్పూ ఫిట్టింగూ కలిపి కాంపోజిట్, 1,80,000 మీద 5 శాతం అనడం నిలబడే మాటే.

మరి ఆ ఆడిటరు విడగొట్టమన్నది తప్పా? పూర్తిగా కాదు. మీ షాపులో కొందరు రైతులు సామాను మాత్రమే తీసుకెళ్లి సొంత కూలీలతో వేయించుకుంటారా? ఫిట్టింగ్ కావాలా వద్దా అని మీరు ప్రతి ఒక్కరినీ అడుగుతారా? అడిగితే, ఫిట్టింగ్ అనేది ఐచ్ఛికమైన వేరే పని అని చెప్పడానికి బలం వస్తుంది, అప్పుడు ఆ 20,000 మీద 18. తేడా 2,600 రూపాయలు, రైతు జేబులోంచి పోతుంది, ఎందుకంటే అతనికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. శాఖవైపు నుంచి దీనికి అభ్యంతరం రాదు, పన్ను ఎక్కువే కట్టారు కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. బిల్లులో లైన్లు విడగొట్టినంత మాత్రాన కాంపోజిట్ కాస్తా కాకుండా పోదు, ఒక్క లైనులో రాసినంత మాత్రాన వేర్వేరువి ఒకటైపోవు. చూసేది బేరం నిజంగా ఎలా జరిగిందో అదే. కాగితం ఆ నిజానికి సాక్ష్యం.

అసలు చిక్కు మోటారుది. నీటి మోటార్లు 8413లో ఉంటాయి, 18 శాతం. 2022 జులైలో 12 నుంచి 18కి పెంచారు. డ్రిప్‌కి మోటారు కావాలి కదా, కాబట్టి అదీ సిస్టమ్‌లో భాగమే అని వాదించొచ్చు అనిపిస్తుంది. నేనైతే ఆ వాదన మీద డబ్బు పెట్టను. మీ దగ్గరికొచ్చే రైతుల్లో చాలామందికి బోరులోనో బావిలోనో మోటారు ముందే ఉంటుంది, దానికే డ్రిప్ తగిలిస్తారు. మోటారు లేకుండా డ్రిప్ అమ్ముడవుతుంది, డ్రిప్ లేకుండా మోటారు అమ్ముడవుతుంది. ఇవి మామూలుగా కలిసే వెళ్తాయని చెప్పడం కష్టం. కాబట్టి మోటారు వేరే అమ్మకం, 30,000 మీద 18 శాతం, అంటే 5,400. మీరు దాన్ని ఒకే లైనులో, ఒకే ధరలో కలిపేశారు కాబట్టే మీ లెక్కల అబ్బాయికి మిక్స్‌డ్ గుర్తొచ్చింది. అతని భయం ఊరికే వచ్చింది కాదు, బిల్లు ఒక్కటే చూసిన ఆఫీసరుకి కూడా అదే తడుతుంది.

సర్వీసు దగ్గర కొంచెం ఆగాలి. రెండేళ్లలో ఏదైనా భాగం పాడైతే మార్చి ఇస్తాననే హామీకి మీరు 10,000 తీసుకుంటే అది ఎక్స్‌టెండెడ్ వారంటీ లాంటిది. 2023 జులైలో వచ్చిన 195వ సర్క్యులర్, 2024 జూన్‌లో దాన్ని సవరించిన 216వ సర్క్యులర్ కలిపి చూస్తే, సరుకు అమ్మినవాడే, అమ్మేటప్పుడే ఆ వారంటీ ఇస్తే అది సరుకుతో పాటు కాంపోజిట్. అమ్మకం అయిపోయాక తీసుకుంటే, లేదా వారంటీ ఇచ్చేది వేరేవాళ్లయితే, అది విడి సర్వీసు. కానీ మీరు చేసేది ఫిల్టరు కడగడం, లేటరళ్లలో యాసిడ్ పట్టించి ఉప్పు వదిలించడం లాంటి పని అయితే అది వారంటీ కాదు, వచ్చి చేసే కూలి పని. పైగా కావాలన్నవాళ్ల దగ్గరే తీసుకుంటారు. అలాంటిదాన్ని నేను విడి సర్వీసుగానే లెక్కేస్తాను, 18 శాతం, 1,800. 5లో వేస్తే మిగిలేది 1,300 రూపాయలు. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే వాదన పెట్టుకోవద్దని నా మాట. అమ్మకం ధరలోనే కలిసిపోయి, విడిగా డబ్బు తీసుకోని మొదటి ఏడాది ఫ్రీ సర్వీసుకి మాత్రం మళ్లీ పన్ను లెక్క అక్కర్లేదు.

అన్నీ కలిపి చూస్తే డ్రిప్, ఫిట్టింగు 1,80,000 మీద 9,000, మోటారు 5,400, సర్వీసు 1,800, మొత్తం 16,200. మీరు కట్టింది 11,000. తగ్గింది 5,200. ఫిట్టింగుని కూడా విడిగా 18లో వేస్తే మొత్తం 18,800 అయ్యేది. ఆఫీసరు మిక్స్‌డ్ అని పట్టుబడితే 39,600 అడుగుతాడు, అంటే ఇంకా 28,600. మీ నిద్ర పాడుచేస్తున్నది ఈ ఆఖరి అంకె, కానీ దాని నుంచి బయటపడే కాగితం మీ దగ్గరే ఉంది, కొటేషన్. నాలుగు ధరలూ విడివిడిగా రాసి, రైతు చూసి ఒప్పుకున్న కొటేషన్ ఉంటే ఒకే ధర అన్న మాట నిలబడదు, ఒకే ధర లేకపోతే మిక్స్‌డ్ సప్లై నిర్వచనంలోకే రాదు. అది ఎక్కడుందో ఈరోజే వెతికి తీయండి. వాట్సాప్‌లో పంపి ఉంటే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. మోటారు కొన్న మీ పర్చేజ్ బిల్లు కూడా పక్కన పెట్టండి, 30,000 అనే ధర మీరు తర్వాత కల్పించింది కాదని అది చెప్తుంది.

మీరు అడగని ఇంకో విషయం ఉంది, సరిహద్దు దగ్గర వ్యాపారం చేసే మీలాంటి వాళ్లకి రేటు ఎంత ముఖ్యమో ఇదీ అంతే. తోట పాతపట్నం దగ్గర ఉంది, షాపు పర్లాకిమిడిలో ఉంది. మధ్యలో ఉన్నది నాలుగడుగులే అనిపించొచ్చు కానీ షాపున్నది ఒడిశా, తోట ఉన్నది ఆంధ్ర. సరుకుని ఒక చోట బిగించి ఇచ్చినప్పుడు సప్లై జరిగిన చోటు ఆ బిగించిన చోటే అని ఐజీఎస్టీ చట్టం 10వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి డ్రిప్ మీద పడాల్సింది రాష్ట్రం దాటే అమ్మకానికి వేసే ఐజీఎస్టీ, సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ కాదు. మోటారు షాపులోనే చేతికిచ్చినా, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో ఆంధ్రది ఉంటే 2023 అక్టోబరు 1 నుంచి దానికీ ఐజీఎస్టీయే. అదే చిరునామా మీద సర్వీసు కూడా అటే వెళ్తుంది. రైతు వచ్చి కౌంటరు దగ్గర కొన్నాడు కదా, లోకల్ అమ్మకమే అని చాలా షాపుల్లో వేసేస్తారు, అది ఇక పనికిరాదు.

ఇప్పుడు ఏం చేయొచ్చు? మూడు దారులున్నాయి.

మీ అన్నయ్య చెప్పినట్టు ఊరుకోవడం ఒకటి. ఎవరూ చూడకపోవచ్చు కూడా. కానీ 2024-25 నుంచి వర్తిస్తున్న 74ఏ సెక్షన్ కింద వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 42 నెలల వరకూ నోటీసు రావొచ్చు. పైగా 50,000 దాటిన సరుకు సరిహద్దు దాటింది కాబట్టి మీరు ఈవే బిల్లు తీసే ఉంటారు, అందులో చేరిన చోటు ఆంధ్ర అని ఉంటుంది, రిటర్నులో మాత్రం ఒడిశా అమ్మకం అని ఉంటుంది. ఈ రెండూ కంప్యూటర్లో పక్కపక్కనే ఉన్నాయి. నోటీసు వచ్చాక 60 రోజుల్లో పన్ను, వడ్డీ కడితే పెనాల్టీ లేదు. అది దాటితే, మోసం ఉద్దేశం లేని కేసుల్లో కూడా పన్నులో 10 శాతం లేదా 10,000, రెండింటిలో ఏది ఎక్కువైతే అది పెనాల్టీ. మీ 5,200కి కనీసం పదివేలు పెనాల్టీ అన్నమాట. అంతకన్నా పెద్ద నష్టం ఏంటంటే, అప్పటికి వాదన మొదలయ్యేది ఆఫీసరు వేసిన మిక్స్‌డ్ లెక్క దగ్గర్నుంచి, మీ లెక్క దగ్గర్నుంచి కాదు.

రెండోది రిటర్నుల్లో సరిచేసుకోవడం. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకూ, లేదా వార్షిక రిటర్ను వేసేవరకూ, ఏది ముందైతే అప్పటివరకూ అమ్మకాల రిటర్ను GSTR-1లో మార్చుకోవచ్చు. ఒడిశా అమ్మకంగా చూపించినది తగ్గించి, ఆంధ్రకి అంతర్రాష్ట్ర అమ్మకంగా సరైన రేట్లతో చూపించాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి లక్ష దాటిన అంతర్రాష్ట్ర బిల్లు 2024 ఆగస్టు నుంచి బిల్లు వారీగా చూపించాలని కూడా గుర్తుంచుకోండి. రైతు పేరు మీద డెబిట్ నోటు రాసి తేడా చూపించండి, అతని దగ్గర వసూలు చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఈ దారిలో సర్దుబాటు రిటర్నులోనే జరిగిపోతుంది కాబట్టి మళ్లీ రీఫండ్ అడగడానికి ఉండదు.

మూడోది, ఐజీఎస్టీ మొత్తం 16,200 ఇప్పుడు కట్టేసి, ముందు కట్టిన 11,000 రీఫండ్ అడగడం. తప్పు పద్దులో కట్టినదాన్ని వెనక్కివ్వాలని సీజీఎస్టీ చట్టం 77వ సెక్షన్ చెప్తుంది, సరైన పన్ను కట్టిన తేదీ నుంచి రెండేళ్లలోపు RFD-01 అనే రీఫండ్ ఫారం వెయ్యాలి. పద్దు మారినందుకు వడ్డీ లేదని ఐజీఎస్టీ చట్టం 19వ సెక్షన్ అంటుంది. మీ దగ్గర చేతిలో డబ్బు ఆడుతుంటే ఇది శుభ్రంగా ఉంటుంది, కానీ రీఫండ్ వచ్చేదాకా 11,000 ఇరుక్కుంటుంది. గడువు ఉండగా అయితే నేను రెండోదే ఎంచుకుంటాను. ఏ దారిలో వెళ్లినా నిజంగా తగ్గిన 5,200 మీద మాత్రం ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టేయండి, మూడు నెలలకి 234 రూపాయలు. దాన్ని వాదించి మిగుల్చుకోవడంలో లాభం లేదు. నోటీసు రాకముందే పన్నూ వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ప్రశ్నే ఉండదు.

రైతు సంగతి మీరు బాధతో రాశారు, అర్థమైంది. చట్టం ప్రకారం అడగొచ్చు, కానీ బేరం అయిపోయి, తోటలో నీళ్లు పారుతున్నాక 5,200 అడిగితే ఆ ఊళ్లో మీ పేరు ఏమవుతుందో మీకే బాగా తెలుసు. ఈ ఒక్క బిల్లు వరకూ మీరే భరించడం మేలని నాకనిపిస్తుంది. ఇలాంటి బిల్లులు ఇంకా పది ఉన్నాయంటే మాత్రం లెక్క మారుతుంది. ముందు అవన్నీ బయటకు తీసి, మోటారు కలిపి అమ్మినవెన్ని, సరిహద్దు దాటినవెన్ని అని రెండు కుప్పలు పెట్టండి. మోటారు లేని, ఒడిశాలోనే బిగించిన డ్రిప్ బిల్లులకి మీరు చేయాల్సింది ఏమీ ఉండకపోవచ్చు.

ఇక ముందు ముందు. డ్రిప్పూ ఫిట్టింగూ కలిపి ఒక లైను, 5 శాతం. మోటారుకి వీలైతే వేరే బిల్లు, లేకపోతే కనీసం వేరే లైను, దాని హెచ్‌ఎస్‌ఎన్, దాని ధర, 18 శాతం. సర్వీసుకి విడిగా ఒక పేజీ ఒప్పందం, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో, ఏం చేస్తారో రాసి, వేరే బిల్లు. ప్యాకేజీ రేటు అని బోర్డు మీద రాయడం, మోటారుతో కలిపి ఇంతకిస్తాం అని పాంప్లెట్ వేయడం మానేయండి, మీకు మీరే మిక్స్‌డ్ సప్లై సాక్ష్యం తయారు చేసిపెట్టినట్టవుతుంది. బేరంలో తగ్గించాల్సి వస్తే తగ్గించండి, కానీ ఆ తగ్గింపు దేంట్లో ఇచ్చారో బిల్లులో కనబడాలి. మోటారు ధరని 12,000కి దించేసి ఆ తేడా డ్రిప్‌లో పెట్టే పద్ధతి ఎవరైనా చెప్తే వినకండి. మీరు దాన్ని ఏ 26,000కో కొని ఉంటే ఆ బిల్లు శాఖ దగ్గర ఉంటుంది, ఆ ఒక్క అంకెతో మీ మిగతా లెక్కలన్నీ అనుమానంలో పడతాయి.

మోటారుతో కలిపిన సిస్టమే మీ ప్రధాన వ్యాపారం, ఏడాదికి లక్షల్లో తేడా పడుతుంది అనుకుంటే మాత్రం ఊహల మీద నడవకుండా, ఏ రేటు పడుతుందో ముందే తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్ అడగొచ్చు. ఫీజు సీజీఎస్టీకి 5,000, ఎస్‌జీఎస్టీకి 5,000. వచ్చిన రూలింగు మీకూ మీ మీద అధికారం ఉన్న ఆఫీసరుకీ మాత్రమే కట్టుబాటు, పక్క షాపుకి వచ్చిన రూలింగు మీకు పనికిరాదు. వ్యతిరేకంగా వస్తే అదీ మీకు కట్టుబాటే, కాబట్టి అడిగే ముందు మీ అమ్మకాల్లో మోటారుతో కలిపి కొన్నవాళ్లు ఎంతమందో, లేకుండా కొన్నవాళ్లు ఎంతమందో తీసి చూసుకోండి. సగానికి పైగా మోటారు లేకుండానే కొని ఉంటే ఆ పదివేలు ఖర్చుపెట్టొద్దు.